కథలో స్టేజ్ చచ్చింది, వోల్టేజ్ మాత్రం ఉంది. ఇది నమ్మేలా ఉందా?

కథల_సంచి

ఒక చిన్న కథ రాశాను. రాత్రి షిఫ్ట్‌లో ఒంటరిగా ఉన్న టెక్నీషియన్, ముందు మూగబోయిన రిసీవర్, చేతిలో ఒక్క మల్టీమీటర్. సిగ్నల్ జనరేటర్ బీరువాలో ఉంది, బీరువా తాళం పగటి షిఫ్ట్ వాళ్ల దగ్గర ఉంది. కాబట్టి వోల్టేజ్ రీడింగులు చూసి ఆలోచించడం తప్ప అతనికి వేరే దారి లేదు. చదివిన స్నేహితుడొకడు "వోల్టేజ్ సరిగ్గానే ఉందంటావు, స్టేజ్ పనిచేయదంటావు, ఏదో ఒకటి తేల్చుకో" అని కొట్టిపారేశాడు. వాడూ ఎలక్ట్రానిక్స్ చదివినవాడే, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

సర్క్యూట్ ఇదీ. రెండో ఐఎఫ్ స్టేజ్, ఒక ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్. 12 వోల్టుల లైన్ నుంచి 100 ఓమ్ రెసిస్టర్ గుండా ఈ స్టేజ్‌కి సప్లై వస్తుంది, అక్కణ్నుంచి ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ మీదుగా కలెక్టర్‌కి. బేస్‌కి పైన 33కె, కింద 10కె. ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కి 1కె, దాంతో పాటు బైపాస్ కెపాసిటర్. సర్వీస్ మాన్యువల్ ప్రకారం బేస్ 2.6, ఎమిటర్ 1.95, కలెక్టర్ 11.8 వోల్టులు ఉండాలి.

కథలో గొడవ వచ్చిన భాగం:

> రెండు దాటింది. వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలికి స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే స్పీకర్ బుర్రుమంది. ఆడియో వైపు ప్రాణం ఉంది. మిక్సర్ రీడింగులు, మొదటి ఐఎఫ్ రీడింగులు పట్టికతో కలిశాయి. రెండో ఐఎఫ్ దగ్గర బేస్ 2.78, ఎమిటర్ 2.36, కలెక్టర్ 11.97. పట్టిక కింద చిన్న అక్షరాల్లో "20 శాతం వరకు తేడా ఉండవచ్చు" అని ఉంది. ఎమిటర్ దాదాపు ఆ గీత మీద నిలబడింది. అతను డిటెక్టర్‌కి వెళ్లిపోయాడు. అక్కడా తప్పు దొరకలేదు.
>
> మళ్లీ రెండో ఐఎఫ్‌కి వచ్చాడు. 1కె మీద 2.36 వోల్టులంటే 2.36 మిల్లీఆంప్. పట్టిక చెప్పినదానికన్నా ఎక్కువ కరెంట్. ఎక్కువ కరెంట్ లాగే స్టేజ్‌కి 100 ఓమ్ దగ్గర ఎక్కువ వోల్టేజ్ పోవాలి, కలెక్టర్ తగ్గాలి. ఇక్కడ కలెక్టర్ పెరిగింది. 100 ఓమ్ రెండు చివరల మధ్య ప్రోబులు పెట్టాడు. 0.03 వోల్ట్. అంటే 0.3 మిల్లీఆంప్. అది 33కె, 10కె వాటాకే సరిపోతుంది. ట్రాన్సిస్టర్‌కి మిగిలిందేమీ లేదు.
>
> పై రెసిస్టర్ కరెంట్ లేదంటోంది, కింది రెసిస్టర్ ఉందంటోంది. పైదానికి రెండు చివరలూ కొలిచాడు. కిందిదానికి ఒక్క చివరే కొలిచాడు, రెండోది గ్రౌండే కదా అని వదిలేశాడు. ఈసారి ప్రోబ్ 1కె కింది కాలికి పెట్టాడు. సున్నా రావాలి. 2.36 వచ్చింది.

తర్వాత ఆ కాలు చుట్టూ టంకంలో కంటికి ఆనని చీలిక దొరుకుతుంది. ఇంకొకటి కూడా రాశాను: ఎమిటర్‌కి ప్రోబ్ తగిలినప్పుడల్లా స్పీకర్‌లో సన్నగా ఏదో స్టేషన్ గొణిగినట్టు వినిపిస్తుంది. ఇది ఎక్కడో విన్నదే. నిజంగా జరుగుతుందా?

మార్చేయ్_బాసూ

రాత్రి రెండింటికి భాగహారాలేంటండీ బాబూ. ఐఎఫ్ ట్రాన్సిస్టర్లు వరసగా మార్చుకుంటూ పోతే టీ చల్లారేలోపు రేడియో పాడేది. కథ సగం పేజీలో అయిపోయేది.

కొత్తచేయి

నాకు అసలు మొదటి మెట్టే అర్థం కాలేదు. ఎమిటర్‌కి గ్రౌండ్ దారే తెగిపోతే అక్కడ 2.36 వోల్టులు ఎక్కణ్నుంచి వచ్చాయి? సున్నా ఉండాలి కదా?

టంకం_పొగ

కొత్తచేయి అడిగిందే ఈ కథకి అసలు ప్రశ్న. స్నేహితుడు పట్టుకోలేకపోయిందీ అదే.

దారి తెగితే సున్నా రావాలని ఎందుకు అనుకుంటాం? 1కె ఎమిటర్‌ని కిందికి లాగి ఉంచుతుందని మన మనసులో ఉంటుంది. ఆ దారి పోయాక ఎమిటర్‌ని కిందికి లాగేది ఏదీ లేదు. పైకి ఎత్తేది మాత్రం ఉంది. బేస్ 2.78 దగ్గర ఉంది, బేస్ నుంచి ఎమిటర్‌కి జంక్షన్ ఉంది, కాబట్టి ఎమిటర్ బేస్ వెనకాలే పైకి వస్తుంది. మీటర్ పెట్టగానే ఆ మీటరే గ్రౌండ్‌కి దారి అవుతుంది. మామూలు డిజిటల్ మీటర్ అయితే 10 మెగ్ ఓమ్. 2.36ని 10 మెగ్‌తో భాగిస్తే పావు మైక్రోఆంప్ కూడా లేదు. స్టేజ్ నడవాల్సిన కరెంట్ దాదాపు 2 మిల్లీఆంప్. అంటే ఎనిమిది వేల రెట్లు తక్కువ. వోల్టేజ్ చూపించడానికి ఆ చుక్క చాలు, సిగ్నల్‌ని పెంచడానికి చాలదు.

ఇప్పుడు బేస్‌లోంచి ఎమిటర్‌ని తీసేయండి. 2.78 లోంచి 2.36 పోతే 0.42. పట్టిక ప్రకారం 2.6 లోంచి 1.95 పోతే 0.65. సిలికాన్ జంక్షన్‌లో కరెంట్ పదోవంతుకి పడిపోయిన ప్రతిసారీ ఈ తేడా దాదాపు 0.06 వోల్ట్ తగ్గుతుంది. 2 మిల్లీ నుంచి పావు మైక్రోకి దిగాలంటే దాదాపు నాలుగు సార్లు పదోవంతు కావాలి. నాలుగు ఆర్లు ఇరవైనాలుగు. 0.65 లోంచి 0.24 తీస్తే 0.41. కథలోని 0.42కి అతుక్కున్నట్టే ఉంది. కథకుడు లెక్క కట్టి రాశాడో, కొలిచి రాశాడో గానీ అంకెలు నిలబడతాయి.

నా ఫిర్యాదు ఒకటే. మీ టెక్నీషియన్ అనుభవం ఉన్నవాడైతే 0.42 చూసిన క్షణంలోనే ఆగాలి. 20 శాతం అనేది ఒక్కో కాలికి విడివిడిగా చూసుకునే లెక్క. బేస్‌కి ఎమిటర్‌కి మధ్య తేడాకి ఆ ఇరవై శాతం వర్తించదు. నడుస్తున్న సిలికాన్ ట్రాన్సిస్టర్‌లో అది 0.6, 0.7 దరిదాపుల్లోనే ఉంటుంది.

కథల_సంచి

అక్కడే ఆగితే డిటెక్టర్‌కి వెళ్లి వెనక్కి రావడం ఉండదు, కథా ఉండదు. అలిసిపోయినవాడు, మూడు అంకెల్నీ విడివిడిగా పట్టికతో పోల్చి టిక్కు పెట్టుకుంటూ పోతున్నాడు. తీసివేత చేయలేదు. అలా జరగదంటారా?

టంకం_పొగ

జరుగుతుంది. పగలే జరుగుతుంది. ఆ టిక్కు పెట్టడం కథలో ఇంకో వాక్యం చూపించండి, చాలు.

సిగ్నల్_సుబ్బడు

అందరూ బేస్ పెరగడాన్ని వదిలేస్తున్నారు. 2.6 ఉండాల్సింది 2.78 ఎందుకైంది? ఏజీసీ. సిగ్నల్ రాకపోతే ఏజీసీ వదిలేస్తుంది, బేస్ పైకి పోతుంది, గెయిన్ పెంచాలని చూస్తుంది. ముందు ఏజీసీ లైన్ కొలవాలి. ఐఎఫ్ మూగబోతే సగం కేసుల్లో దొంగ అక్కడే ఉంటాడు. నేను చూసినంతలో ఏజీసీ ఫిల్టర్ కెపాసిటర్ లీకేజీలే ఎక్కువ.

టంకం_పొగ

మొదటి ఐఎఫ్ అయితే మీ మాట కాదనను. చాలా సెట్లలో ఏజీసీ పనిచేసేది అక్కడే. అక్కడ బేస్ వోల్టేజ్ సిగ్నల్‌ని బట్టి కదులుతుంది కాబట్టి యాంటెన్నా తీసేసి కొలిస్తేనే పట్టికతో పోల్చగలం. కానీ ఆయన చెప్పిన స్టేజ్‌లో బేస్‌కి 33కె, 10కె తప్ప ఇంకేమీ లేదు. ఏజీసీ తీగే రాదు.

బేస్ ఎందుకు పెరిగిందంటే, ట్రాన్సిస్టర్ తాగడం మానేసింది. నడుస్తున్నప్పుడు అది కాస్త బేస్ కరెంట్ లాగుతుంది. గెయిన్ వంద అనుకుంటే 20 మైక్రోఆంప్. ఆ లాగుడుకి డివైడర్ మధ్య బిందువు 0.15 వోల్ట్ దాకా కుంగుతుంది. పైగా 100 ఓమ్ దగ్గర కూడా ఇప్పుడు పోయేది తక్కువ, అందుకని పైనుంచే కొంచెం ఎక్కువ వస్తోంది. లాగుడు ఆగిపోగానే 11.97లో 43 భాగాలకి 10 భాగాలు, అదే 2.78. చెయ్యి పెట్టని డివైడర్ ఎంత చూపించాలో అంతే చూపిస్తోంది. అంటే బేస్ రీడింగ్ ఒక్కటే "ఈ ట్రాన్సిస్టర్ నా దగ్గర్నుంచి ఏమీ తీసుకోవడం లేదు" అని చెబుతోంది.

సిగ్నల్_సుబ్బడు

స్టేజ్‌కి ఏజీసీ లేదని సర్క్యూట్‌లో విడిగా రాసుంటే నేనెందుకంటాను. సరే, ఈ సెట్‌కి ఒప్పుకుంటా. మిగతా సెట్లకి నా మాట నాదే.

నా_రేడియో_మూగ

మా సెట్టూ ఇదే సమస్య. బ్యాటరీలు కొత్తవి వేశాం, లైట్ వెలుగుతుంది, కుయ్ మనదు. అందులో కూడా ఈ 1కె మార్చాలా? ఎక్కడ ఉంటుంది?

ముల్లుమీటరు

ఇది కథ గురించిన చర్చ సార్. అయినా అడిగారు కాబట్టి, ఇయర్‌ఫోన్ పెట్టే జాక్‌లో ప్లగ్ రెండుమూడు సార్లు పెట్టి తియ్యండి. స్పీకర్‌కి వెళ్లే దారి ఆ జాక్ లోపలి రేకు మీదుగానే పోతుంది, అది వంగితే మీరు చెప్పిన లక్షణమే. కాకపోతే వేరే చర్చ తెరవండి.

కథల_సంచి గారూ, ఆ గొణుగుడు గురించి నేను చెబుతా, ఎందుకంటే నాకు తెలిసి అది నిజం. కానీ మీ కథలో ఉన్న మీటర్‌తో కాదు. ముల్లు మీటర్‌తో.

వోల్ట్‌కి 20కె అని డయల్ మీద రాసి ఉంటుంది చూడండి. 10 వోల్టుల రేంజ్‌లో పెడితే అది మొత్తం 200కె. ఆ మీటర్ ఎమిటర్‌కి పెట్టిన క్షణంలో మీరు 200కె ఎమిటర్ రెసిస్టర్ తగిలించినట్టే. 11 మైక్రోఆంప్ నడుస్తుంది. స్టేజ్ పూర్తిగా లేవదు గానీ కళ్లు తెరుస్తుంది. బైపాస్ కెపాసిటర్ మంచిదే కాబట్టి సిగ్నల్‌కి గ్రౌండ్ దారి ముందునుంచీ ఉంది, లేనిది డీసీ దారే. దగ్గరలో గట్టి స్టేషన్ ఉంటే గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. ప్రోబ్ తీస్తే ఆగిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు చెయ్యి వణుకుడేమో అనుకుని మళ్లీ మళ్లీ ఆనించి చూశాను.

అయితే అప్పుడు రీడింగ్ 2.36 రాదు, 2.26 వస్తుంది. మీటర్ ఎక్కువ లాగుతుంది కదా.

టంకం_పొగ

సరిగ్గా చెప్పారు. గెయిన్ కరెంట్‌తో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. 11 మైక్రో అంటే మామూలుకన్నా 170 రెట్లు తక్కువ, 45 డెసిబెల్ కిందికి. గట్టి స్టేషన్ ఆ దెబ్బకి తట్టుకుని వినపడొచ్చు. డిజిటల్ మీటర్‌తో అయితే ఇంకో యాభై రెట్లు తక్కువ. అక్కడ వినిపించదు. కథలో డిజిటల్ మీటర్ ఉంటే గొణుగుడు తీసెయ్యండి.

ముల్లుమీటరు

"వినిపించదు" అని అంత గట్టిగా చెప్పకండి. స్టేషన్ వినిపించకపోవచ్చు. కానీ ప్రోబ్ తగిలినప్పుడు చిన్న టిక్కుమనే శబ్దం డిజిటల్‌తో కూడా విన్నాను. ఎమిటర్ దగ్గర తేలుతున్న వోల్టేజ్ ఒక్కసారి కిందికి జరుగుతుంది కదా.

టంకం_పొగ

టిక్కు వేరు, స్టేషన్ వేరు. ఆ టిక్కు మీ ప్రోబ్ తీగలోంచి వచ్చిన హమ్ కూడా కావచ్చు. బైపాస్ కెపాసిటర్ ఉన్నచోట ఆ చిన్న జరుగుడు ఐఎఫ్ దాటి డిటెక్టర్ దాకా వస్తుందంటే నేను నమ్మను.

ముల్లుమీటరు

నమ్మకండి. నా చెవులు నావి.

పాతవాల్వు

ట్రాన్సిస్టర్ల వాళ్లకి ఇది కొత్తగా ఉంది గానీ, వాల్వుల్లో ఈ రోగం ముసలిది. అవుట్‌పుట్ వాల్వుకి క్యాథోడ్ రెసిస్టర్ తెగిపోయిన సెట్ ఒకటి నా ముందుకి వచ్చింది. స్పీకర్‌లో నిశ్శబ్దం. క్యాథోడ్ దగ్గర 12 వోల్టుల చోట 25 దాటి చూపిస్తోంది. పక్కన ఉన్న కుర్రాడు "గురువుగారూ, వాల్వు డబుల్ కరెంట్ లాగుతోంది, ప్లేట్ ఎర్రబడుతుంది, ఆపేయండి" అని కంగారు. ప్లేట్ చూస్తే చల్లగా ఉంది, పట్టుకోవచ్చు (గాజుని, ప్లేట్‌ని కాదు. ఎవరూ పట్టుకోకండి). క్యాథోడ్ పైకి పోతూ పోతూ గ్రిడ్‌ని దానికన్నా అంత కిందికి వదిలేసింది, వాల్వు తనని తానే మూసుకుంది. ఆ పక్కన ఉన్న కెపాసిటర్ 25 వోల్టులదే. దాని ఖర్మ.

కాబట్టి క్యాథోడ్‌లో ఎక్కువ వోల్టేజ్ కనిపిస్తే ఎక్కువ కరెంట్ అని ఎవరైనా అంటే, రెసిస్టర్ బాగుందో లేదో ముందు చూశావా అని అడుగుతా.

కొత్తచేయి

ఇప్పుడు తలకెక్కుతోంది. రెసిస్టర్ మీద వోల్టేజ్‌ని కరెంట్‌గా మార్చుకోవాలంటే రెండు చివరలూ కొలవాలి. మనం ఎప్పుడూ నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కి తగిలించి, ఎర్రది ఒక్కటే తిప్పుతాం. అందుకే కింది చివర సున్నా అని అనుకుంటాం.

ఇంకో సందేహం. ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తెగినా స్టేజ్ చస్తుంది కదా. అతను దాన్ని ఎలా తోసిపుచ్చాడు? కథలో ఆ ప్రస్తావనే లేదు.

టంకం_పొగ

ప్రైమరీ తెగి ఉంటే కలెక్టర్ 11.97 ఎలా చూపిస్తుంది? అదొక్కటే చాలు. కానీ అంతకన్నా తమాషా బేస్ దగ్గర కనిపిస్తుంది. కలెక్టర్‌కి కరెంట్ రాకపోతే ఎమిటర్‌కి కావాల్సిందంతా బేస్ నుంచే రావాలి. బేస్‌కి ఇచ్చేది 33కె, 10కె ల డివైడర్. అంత బలం దానికి లేదు, కుప్పకూలుతుంది. ఈ విలువలతో బేస్ 0.9కి పడిపోతుంది, ఎమిటర్ పావు వోల్ట్, కలెక్టర్ కూడా ఎమిటర్ పక్కనే వచ్చి కూర్చుంటుంది.

ట్రాన్సిస్టర్ లోపలే బేస్-ఎమిటర్ తెగి ఉంటే బేస్ ఇదే 2.78, కలెక్టర్ ఇదే 11.97, కానీ ఎమిటర్ సున్నా. ఎందుకంటే 1కె బాగానే ఉండి కిందికి పట్టి ఉంచుతుంది. కథలో కేసుకీ దీనికీ తేడా ఎమిటర్ రీడింగ్ ఒక్కటే. బాసూ గారి పద్ధతిలో ట్రాన్సిస్టర్ మార్చాల్సింది అప్పుడే.

మార్చేయ్_బాసూ

నన్ను లాగారు కాబట్టి చెబుతున్నా. మీరు ఇన్ని పేజీలు లెక్కలు వేశారు, చివరికి ఏం చేశారు? టంకం పెట్టారు. నేను ట్రాన్సిస్టర్ మార్చినా టంకం పెడతాను. ఆ వేడికి, ఆ నొక్కుడికి పక్కనున్న 1కె కాలు కూడా అతుక్కుంటుంది. రేడియో పాడుతుంది. తేడా ఏముంది?

పగుళ్ల_వేట

తేడా వారం తర్వాత కనిపిస్తుంది. సరిగ్గా ఇలాగే ఒక సెట్‌లో ట్రాన్సిస్టర్ మార్చారు, పాడింది, మూత వేసి పంపేశారు. తిరిగొచ్చింది. మళ్లీ మార్చారు, మళ్లీ పాడింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆ మూడు రంధ్రాల చుట్టూ రాగి పొర లేచిపోయి ఉంది. చీలిక మాత్రం పక్కనున్న రెసిస్టర్ కాలి చుట్టూ ఉంగరంలా అలాగే ఉంది. బోర్డు వంచినప్పుడల్లా అతుక్కునేది, ఊడేది. మార్చినవాళ్లకి ప్రతిసారీ "ట్రాన్సిస్టరే పాడు" అని రుజువైపోయింది.

ఇలాంటివి దీపం కింద నేరుగా చూస్తే కనపడవు. వెలుతురు పక్కనుంచి పడేలా బోర్డు తిప్పి, భూతద్దం పెట్టి చూడాలి. కాలి చుట్టూ బూడిద రంగు సన్నటి వలయం కనిపిస్తుంది. కథలో "కంటికి ఆనని చీలిక" అన్నారు, బాగుంది. కానీ అది కనపడకముందే దాని రెండు వైపులా 2.36 తేడా కొలిచాడంటే ఇంకా బాగుంటుంది. ఎర్ర ప్రోబ్ కాలి కొనకి, నల్లది అదే టంకం పక్కన రాగి మీద. అర మిల్లీమీటరు దూరంలో 2.36 వోల్టులు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కథల_సంచి

ఇది తీసుకుంటున్నా. "కింది కాలు 2.36, దాని పక్కన రాగి సున్నా" అని ఒక్క వాక్యంలో పెడతా.

ఓమ్_శాంతి

ఇంత తిరుగుడు ఎందుకు? సెట్ ఆఫ్ చేసి, ఓమ్స్‌లో పెట్టి, ఎమిటర్‌కీ గ్రౌండ్‌కీ మధ్య కొలిస్తే 1కె రాదు, అయిపోయింది. వోల్టేజ్ వేదాంతం అక్కర్లేదు.

టంకం_పొగ

కొలవొచ్చు, కానీ అది ఏ స్టేజ్‌లో కొలవాలో వోల్టేజే చెప్పాలి. ప్రతి రెసిస్టర్‌నీ ఓమ్స్‌లో కొలుచుకుంటూ పోతే తెల్లారుతుంది.

పైగా బోర్డు మీద ఓమ్స్ కొలిస్తే జంక్షన్ కూడా మాట్లాడుతుంది. మీటర్ ప్లస్ ఎమిటర్‌కి పెడితే ఎన్‌పీఎన్ జంక్షన్ అడ్డం తిరిగి ఉంటుంది, నిజం తెలుస్తుంది. తిరగేసి పెడితే కొన్ని మీటర్లలో జంక్షన్ తెరుచుకుని, 10కె మీదుగా పోయి, ఏదో ఒక అంకె చూపిస్తుంది. రెసిస్టర్ విలువ పెరిగిందేమో అనుకుని ఇంకో గంట పోతుంది.

ముల్లుమీటరు

అందులోనూ మెలిక. డిజిటల్‌లో ఓమ్స్‌కి ఎర్రది ప్లస్. మా ముల్లు మీటర్లలో చాలావాటికి నల్లది ప్లస్. మీటర్ మారితే "ఎర్రది ఎమిటర్‌కి" అన్న సలహా తలకిందులవుతుంది.

ఓమ్_శాంతి

రెండు వైపులా తిప్పి కొలుస్తా. ఎక్కువ చూపించింది నమ్ముతా. నాకు ఇది ఎప్పుడూ సరిపోయింది.

టంకం_పొగ

అది మంచి అలవాటే.

లెక్కల_మేస్త్రి

కథ రాసినాయన మీటర్ గురించి ఒక నిర్ణయం తీసుకోవాలి, ఎవరూ అడగలేదు. గొణుగుడు కావాలంటే ముల్లు మీటర్. కానీ 100 ఓమ్ మీద 0.03 వోల్ట్ ముల్లు మీద ఎలా చదువుతాడు? 10 వోల్టుల రేంజ్‌లో ముల్లు కదిలినట్టు కూడా తెలియదు.

ముల్లుమీటరు

రేంజ్ మార్చాలి. నా దాంట్లో 0.25 వోల్టుల రేంజ్ ఉంది. కథకి ఇది ఇంకా బాగుంటుంది చూడండి. బాగున్న మొదటి ఐఎఫ్ స్టేజ్‌లో కూడా అలాంటి 100 ఓమే ఉంటే, సిగ్నల్ లేనప్పుడు దాని మీద ముల్లు దాదాపు చివరిదాకా ఎక్కుతుంది, 0.22 దగ్గరికి. రెండో ఐఎఫ్ 100 ఓమ్ మీద పెడితే సున్నా వదిలి కొంచెం లేచి ఆగిపోతుంది. అంకె చెప్పక్కర్లేదు. 100 ఓమ్ ముందు 5కె మీటర్ ఉన్నా కొలతకి వచ్చే నష్టం రెండు శాతమే.

అసలు నేనైతే ముందు ఇవే చూస్తా. ఒక్కో స్టేజ్ సప్లై రెసిస్టర్ మీద ఎంత పోతోందో వరసగా కొలిస్తే, ఎవరు తింటున్నారో, ఎవరు పస్తున్నారో రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

కథల_సంచి

ముల్లు మీటరే పెడుతున్నా. 2.36 అన్నచోటల్లా 2.26 చేస్తా. కానీ రెండు నిమిషాల దారి మాత్రం అతనికి చెప్పను, పదహారు వందల మాటల కథ నూట అరవైకి వచ్చేస్తుంది.

లెక్కల_మేస్త్రి

ఇంకోటి. 2.26 అయితే 20 శాతం గీత లోపలికి వచ్చేస్తుంది. 1.95కి 16 శాతమే ఎక్కువ. టిక్కు పెట్టి వెళ్లిపోయాడంటే ఇప్పుడు ఇంకా నమ్మొచ్చు.

కొత్తచేయి

బ్రెడ్‌బోర్డు మీద కట్టి చూశా. ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ లేదు, కలెక్టర్‌ని నేరుగా 100 ఓమ్‌కి కలిపా. 1కె కింది కాలికి గ్రౌండ్ వైరు ఉన్నప్పుడు ఎమిటర్ 1.9 పైచిలుకు. వైరు పీకేస్తే 2.36 దగ్గర నిలిచింది, 1కె రెండు కాళ్లకీ అదే అంకె. ఇంకో తమాషా జరిగింది. ఇంట్లో ఒక చవక మీటర్ కూడా ఉంది, దాంతో అదే చోట కొలిస్తే 2.3 వచ్చింది. బేస్ దగ్గర, కలెక్టర్ దగ్గర రెండు మీటర్లూ ఒకే మాట చెప్పాయి. ఎమిటర్ దగ్గరే కొట్టుకుంటున్నాయి. చవకది పాడైపోయిందా?

టంకం_పొగ

పాడవలేదు. దాని లోపలి నిరోధం 1 మెగ్ అయి ఉంటుంది, పది రెట్లు ఎక్కువ లాగుతుంది, అందుకే 0.06 తక్కువ చూపించింది. మొదట చెప్పిన పదోవంతు లెక్క మీరే కొలిచేశారు.

గట్టి దారి ఉన్న చోట ఏ మీటర్ పెట్టినా ఒకే రీడింగ్. రెండు మీటర్లు రెండు మాటలు చెప్పిన చోట ఆ బిందువు గాల్లో వేలాడుతోందని అర్థం. రాత్రి షిఫ్ట్‌లో రెండో మీటర్ లేకపోతే అదే మీటర్‌ని 10 నుంచి 50 వోల్టుల రేంజ్‌కి మార్చినా ముల్లు మీటర్‌లో చాలు, లోపలి నిరోధం ఐదు రెట్లు మారుతుంది. కాకపోతే అంత చిన్న తేడా 50 వోల్టుల స్కేలు మీద చదవడం కష్టం.

పగుళ్ల_వేట

నల్ల ప్రోబ్ ఎక్కడ తగిలించాడో కూడా కథలో రాయండి. చాసిస్‌కి తగిలిస్తే సరే. అదే చీలిన రాగి ముక్కకి, అంటే గ్రౌండ్ నుంచి విడిపోయిన తునకకి తగిలిస్తే రీడింగులన్నీ తప్పుతాయి. ఈ కేసులో విడిపోయింది కాలే కాబట్టి పర్వాలేదు, రాగి పట్టీ తెగి ఉంటే కథ వేరు.

సిగ్నల్_సుబ్బడు

రాగి పట్టీ తెగి, దాని మీదే బైపాస్ కెపాసిటర్ గ్రౌండ్ కూడా ఉంటే? అప్పుడు మీటర్ పెట్టినా గొణుగుడు రాదు. ముల్లుమీటరు గారి చెవుల కథ అక్కడ చెల్లదు.

ముల్లుమీటరు

అప్పుడు సిగ్నల్‌కీ దారి ఉండదు కాబట్టి రాదు, ఒప్పుకున్నా. డిజిటల్ టిక్కు గురించి మాత్రం ఒప్పుకోను. కొత్తచేయి, బ్రెడ్‌బోర్డు విప్పకండి, ఒక ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ సంపాదించి మిగతా రేడియో కూడా కట్టండి, తేలిపోతుంది.

కొత్తచేయి

మిగతా రేడియో అంటే ఎంత పనో తెలుసా అండీ.

మార్చేయ్_బాసూ

సరే, అందరూ కలిసి తేల్చారు కదా. ఆ 1కె మార్చేసి పడుకోమనండి అతన్ని.

టంకం_పొగ

1కె బాగానే ఉంది బాసూ! మొదటినుంచీ చదవండి.